సగటు బాబాయి స్పీడ్ రీడింగులు

మా బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగులు తీసి రిటైరయ్యాడు. అన్నేళ్ళలోనూ ఆయన పుస్తకంలో ఒక్క గడి ఖాళీగా లేదు, ఒక్క కొట్టివేత లేదు. ఈ రెండు సంగతులూ పరిచయమైన పది నిమిషాల్లో ఎవరికైనా చెప్పేస్తాడు. పెళ్ళికి ముందు పిన్నికి చెప్పింది కూడా ఇవేనట. "అయితే చేతిరాత బాగుంటుందన్నమాట" అని పిన్ని ఒప్పేసుకుంది.

చేతిరాత నిజంగానే బాగుంటుంది. అంకెలు అచ్చు వేసినట్టు ఉంటాయి. మనిషి కూడా అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. అన్నం ఒకే కొలత, నడక ఒకే వేగం, కోపం నెలకొకసారి. నేను చిన్నప్పుడే ఆయనకి సగటు బాబాయి అని పేరు పెట్టాను. అది పొగడ్త అనుకుని ఇప్పటికీ పలుకుతాడు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. అమ్మకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. పిన్నికి మాటలు రాకముందే సైగలు వచ్చాయని మా అమ్మమ్మ చెప్పేది. బళ్ళో, బజార్లో, ఆసుపత్రిలో అమ్మ గొంతు పిన్నే. నేను పుట్టిన రోజు కూడా నర్సు అరుపులన్నీ అమ్మకి సైగల్లో చెప్పింది పిన్నే. తరవాత అదే ఆమె ఉద్యోగం అయింది. ఇంట్లో వెనక గదిలో, నీలం గోడ ముందు కూర్చుని, వీడియో కాల్‌లో డాక్టరు మాటని వినపడని రోగికి సైగల్లోనూ, రోగి సైగల్ని డాక్టరుకి మాటల్లోనూ చెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒక సంస్థ జాబితాలో ఆమె పేరు మొదటి అయిదుగురిలో ఉంది.

ఆ పేరుకే ఈ ఏడాది ముప్పు వచ్చింది. కారణం ఇంటర్నెట్టు.

ఉన్నట్టుండి పోయేది. ఒకసారి అరగంటకి వచ్చేది, ఒకసారి ముప్పావు గంట పట్టేది. ఒకరోజు డాక్టరు "భయపడాల్సిందేం లేదు" అన్నాడు. పిన్ని ఆ సైగ కోసం చెయ్యి ఎత్తింది. సరిగ్గా అప్పుడే నెట్టు పోయింది. అవతల తెర మీద పిన్ని చెయ్యి పైకెత్తి బొమ్మలా ఉండిపోయింది. అదేదో చెయ్యమంటోందని రోగి కూడా చెయ్యెత్తాడు. రోగి ఎత్తాడు కదా అని డాక్టరూ ఎత్తాడు. లైను పూర్తిగా తెగిపోయేదాకా ముగ్గురూ బళ్ళో జవాబు తెలిసిన పిల్లల్లా అలా కూర్చున్నారట. ఆ రోగి ఫిర్యాదు చెయ్యలేదు గాని, ఆసుపత్రి చేసింది.

అలాంటివి మూడయ్యాక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే నెలాఖరులోగా లైను బాగయిందని ఇంటర్నెట్ కంపెనీ కాగితం ఇవ్వాలి, ఆ తరవాత ఒక గంట కాల్‌ని పర్యవేక్షకురాలు మొదటి నుంచి చివరిదాకా చూడాలి. రెండూ జరక్కపోతే పేరు తీసేస్తారు. పిన్ని ఆ ఉత్తరాన్ని నాకు చూపించి, అమ్మకి మాత్రం చెప్పొద్దని సైగ చేసింది. అమ్మ పక్కగదిలోనే ఉంది. నోటితో చెప్పినా వినపడేది కాదు. అయినా సైగే చేసింది, ఎందుకంటే పిన్నికి భయం వేస్తే మాటలు రావు.

కంపెనీ వాళ్ళు సాంకేతిక నిపుణుణ్ణి పంపారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అతను వచ్చినప్పుడల్లా లైను నిక్షేపంగా ఉండేది. "నేను చూస్తుంటే బానే ఉందండీ" అనేవాడు. పంటినొప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళగానే తగ్గినట్టు, అతని వ్యాను వీధిలోకి మలుపు తిరిగితే చాలు, నెట్టు తిరిగి వచ్చేది. చివరికి వాళ్ళ ఆఫీసులో ఒక అధికారి తేల్చి చెప్పాడు. నాలుగు వారాల వేగం రీడింగులు కావాలి, రోజుకి కనీసం నలభై ఎనిమిది, చేత్తో రాసి ప్రతిదాని పక్కనా కస్టమర్ సంతకం పెట్టాలి. కంప్యూటర్ ఫైలు ఒప్పుకోరు, దాన్ని ఎవరైనా దిద్దెయ్యగలరు కాబట్టి.

రీడింగు, సంతకం అన్న రెండు మాటలు చెవిన పడేసరికి బాబాయి మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక అంత వెలుగు నేను చూడలేదు.

"రోజంతా నేను కూర్చుంటాను" అన్నాడు.

"అర్ధరాత్రి కూడా కూర్చుంటావా బాబాయ్? అది మిషను చేస్తుందిలే. నువ్వు పొద్దున్నే ఎక్కించుకో."

నేను బడిలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. ఇంట్లో సబ్బుపెట్టెంత చిన్న కంప్యూటర్ ఒకటి పనీపాటా లేకుండా పడి ఉంది. తెర లేదు, కీబోర్డు లేదు, కరెంటు కూడా ఫోను ఛార్జరంతే తాగుతుంది. దాన్ని తెచ్చి రౌటరు పక్కన పెట్టి వైరుతో కలిపాను. వైఫై మీద పెడితే "మీ గోడలు మందం" అని కంపెనీ వాళ్ళు తప్పించుకుంటారు. వేగం కొలిచే ప్రోగ్రాము ఎక్కించి, ఫలానా నిమిషానికి దాన్ని తనంతట తాను నడపమని కంప్యూటర్ టైంటేబుల్లో ఒక వరుస రాశాను. ప్రతిసారీ తేదీ, సమయం, డౌన్‌లోడ్ వేగం, అప్‌లోడ్ వేగం ఒక ఫైలు చివర చేరతాయి.

మొదట అయిదు నిమిషాలకొకసారి పెట్టాను. ఎక్కువ సాక్ష్యం ఉంటే మంచిదే కదా అనుకున్నాను. రెండోరోజు పిన్ని ఫోను చేసింది.

"అమ్మడూ, ఇప్పుడు అయిదు నిమిషాలకొకసారి నా చేతులు వణుకుతున్నాయట."

తప్పు నాదే. వేగం కొలవాలంటే ఆ పరీక్ష అర నిమిషం పాటు లైను మొత్తాన్ని తనే పీల్చేస్తుంది. రోగం ఎంతుందో చూడటానికి రోగి గొంతు పట్టుకున్నట్టయింది. పైగా ఒక్కో పరీక్షకీ బోలెడు డేటా ఖర్చు. అరగంటకొకసారికి మార్చాను. పిన్ని కాల్స్ గంటకీ అరగంటకీ మొదలవుతాయి కాబట్టి ఏడో నిమిషానికీ ముప్పై ఏడో నిమిషానికీ పెట్టాను. ఆ రెండు నిమిషాల్లో పిన్ని ఎవరితో ఉన్నా సరే "ఒక్క క్షణం" అని మంచినీళ్ళు తాగడం మొదలుపెట్టింది. నెలరోజుల్లో ఆమె తాగినన్ని నీళ్ళు చేప కూడా తాగి ఉండదు.

ఇంకో జాగ్రత్త కూడా పడ్డాను. నెట్టు లేకపోతే ఆ ప్రోగ్రాము ఏదో గొణిగి ఊరుకుంటుంది, ఫైల్లో ఏమీ రాయదు. అసలు మనకి కావలసింది ఆ వరుసలే. అందుకని పరీక్ష విఫలమైనా సమయం వేసి, వేగం ఉండాల్సిన చోట "ఫెయిల్" అని రాసేలా చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. తాళం వేసితిని గొళ్ళెం మరచితిని అన్నట్టు, ఆ మాట బాబాయికి విప్పి చెప్పడం మాత్రం మరిచాను.

బాబాయి పొడుగు రిజిస్టరు కొన్నాడు. రోజుకో పేజీ, పేజీకి నలభై ఎనిమిది గళ్ళు. పొద్దున్న ఆరింటికి కళ్ళజోడు తుడుచుకుని, పిన్ని ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచి, రూళ్ళకర్ర కింద ఒక్కో వరుసా చూసి ఎక్కించేవాడు. ప్రతి అంకె పక్కనా పొట్టి సంతకం. నేను వారానికోసారి వెళ్ళి కంప్యూటర్ నడుస్తోందా, వరుసలు పెరుగుతున్నాయా అని చూసి వచ్చేదాన్ని. బడిలో పరీక్షలు. రిజిస్టరు చూడబోతే ఆయన మూసేశాడు. "పూర్తయ్యాకే. మధ్యలో చూడకూడదు, రూలు" అన్నాడు. ఏ రూలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇరవై ఎనిమిది రోజులు, పదమూడు వందల నలభై నాలుగు రీడింగులు. నెలాఖరుకి నాలుగు రోజుల ముందు ముగ్గురం కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. పిన్ని కొత్తగా ఇస్త్రీ చేయించిన బట్టలు కట్టుకుంది.

అధికారి రిజిస్టరు తీసుకున్నాడు. మొదటి పేజీ చూశాడు, తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. కళ్ళజోడు తీసి బాబాయి వంక గౌరవంగా చూశాడు.

"తొంభై మూడు, తొంభై నాలుగు, తొంభై మూడు. నా సర్వీసులో ఇంత నిలకడైన లైను చూడలేదండీ. దీని ఫోటో మా గోడకి పెట్టుకోవచ్చా?"

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. నేను రిజిస్టరు లాక్కున్నాను. నిజమే. పదమూడు వందల నలభై నాలుగు గళ్ళలో ఒక్కటి కూడా తొంభై రెండుకి తగ్గలేదు.

"బాబాయ్, ఫెయిల్ అని ఉన్నవి ఏవి?"

"అవా, సగటు వేశాను" అన్నాడు, ఎంతో నెమ్మదిగా.

"సగటా?"

"ఇంటికెళ్తే గేటుకి తాళం ఉంటుంది. రీడింగు దొరకదు. అంతమాత్రాన గడి ఖాళీగా వదులుతామా? అంతకుముందు మూడు రీడింగుల సగటు వెయ్యాలి. అది రూలు. నేను ఒక్కటి కూడా సొంతంగా వెయ్యలేదమ్మా, మూడేసి కూడి, మూడుతో భాగించి మరీ వేశాను. కావాలంటే లెక్క చూడు."

లెక్క చూశాను. లెక్క తప్పులేదు. పోయిన నెట్టునంతా మా బాబాయి మూడుతో భాగించి వెనక్కి తెచ్చేశాడు. కంపెనీ వాళ్ళు నాలుగుసార్లు వచ్చి బాగుచెయ్యలేనిది ఆయన పెన్నుతో బాగుచేసేశాడు. నాకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది, అందుకు ఇంకా మండింది.

నా ఫోనులో అసలు ఫైలు ఉంది. తెరిచి అధికారి ముందు పెట్టాను. ఎనభై మూడు చోట్ల ఫెయిల్. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ఫైలమ్మా. రిజిస్టర్లో సంతకం ఉంది. ఫలానా రోజు పదకొండూ ఏడుకి వేగం తొంభై మూడు అని సార్ స్వయంగా సంతకం పెట్టారు. సార్ మాట నమ్మనా, సబ్బుపెట్టె మాట నమ్మనా?"

"మరి తప్పుపడితే దిద్దుకోకూడదా?"

"ఎందుకు దిద్దకూడదు. తప్పు గడి కొట్టేసి, సరైనది వేసి, పక్కన సంతకం పెట్టి, కారణం రాయాలి. ఒక్కో గడికి ఒక్కో కారణం. పైన చెప్పినట్టే అని చుక్కలు పెడితే చెల్లదు. అప్పుడు ఈ ఫైలుతో పోల్చి చూసి మనుషుల్ని పంపుతాను."

బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క కొట్టివేత పెట్టలేదు" అన్నాడు.

పిన్ని ఆయన మీద అరవలేదు, అదే నన్ను బాధపెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. ఆ చేతులు కదలకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూశాను. ఏదో చెప్పబోయి ఆగినట్టు కాదు, ఇక చెప్పడానికేం లేనట్టు ఉన్నాయి.

బాబాయి కూడా చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, మళ్ళీ కూర్చున్నాడు. మొదటి గడి మీద గీత పెట్టాడు. గీత వంకర పోయింది. పక్కన సున్నా వేసి సంతకం పెట్టాడు. కారణం అన్న చోట చాలాసేపు ఆలోచించి రాశాడు. నేను తల వంచి చదివాను.

"ఇంట్లో మనిషి ఉంది. తాళం లేదు. నేనే చూడలేదు."

నా కోపం అక్కడితో పోయింది. రెండో గడికి కారణం "నేనే చూడలేదు, రెండోసారి" అని రాశాడు. ఇరవయ్యో దానికి వచ్చేసరికి కారణాలు కరువై "అలవాటు" అనీ, "పొగరు" అనీ, "కళ్ళజోడు తుడిచాను గాని" అనీ రాయడం మొదలుపెట్టాడు. అధికారి ఒక్కోటీ చదివి, తలాడించి, ముద్ర వేస్తున్నాడు. లంచ్ టైం అయింది. ఆయన డబ్బా తెరిచి తింటూనే ముద్రలు వేశాడు.

డెబ్భయ్యో గడి దగ్గర బాబాయి పెన్ను ఆగింది. పేజీలు వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు.

"అమ్మడూ, ఇవన్నీ పదకొండు ప్రాంతంలో ఉన్నాయి. లేకపోతే నాలుగు ప్రాంతంలో. మంగళవారం ఒక్కటి కూడా లేదు."

"అయితే?"

"ఇది నెట్టు పోవడం కాదు. ఇది లోడు, ఏదో పెద్ద వస్తువు కరెంటు గుంజడం. రోజుకి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున, వారానికి ఒకరోజు సెలవు. ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను నేను. ఇది ఇస్త్రీపెట్టె."

మంగళవారం ఆ వీధిలో సెలవు తీసుకునేది ఒక్కడే. బాబాయి ఇంటి కింద కొట్లో దర్జీ. పిన్ని తన బట్టలు అతని దగ్గరే ఇస్త్రీ చేయిస్తుంది.

అయినా బాబాయి మిగిలిన పదమూడు గళ్ళు కూడా కొట్టి, కారణాలు రాసి, అప్పుడే లేచాడు. సాంకేతిక నిపుణుణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. వ్యాను కొట్టు ముందు ఆగేసరికి దర్జీ మర్యాదగా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, వెనక మెట్లకిందికి వెళ్ళి, దాని ప్లగ్గు పీకి, ఇంకో ప్లగ్గు పెట్టి వచ్చాడు. మేం నలుగురం చూస్తుండగానే.

"ఆ ప్లగ్గేంటయ్యా?" అన్నాడు బాబాయి.

"అదేదో మెట్ల దగ్గర డబ్బాదండీ. కొట్లో ప్లగ్గు పెద్ద పెట్టెకి తట్టుకోదు, అందుకని అక్కడ పెట్టుకుంటాను. కానీ ఎవరి వస్తువు వాళ్ళకి ఎలా ఉందో అలా అప్పజెప్పాలి కదా. పనవగానే, లేదా మీ వ్యాను కనపడగానే, మళ్ళీ పెట్టేస్తాను. ఒక్కరోజు కూడా మర్చిపోలేదండీ."

ఆ డబ్బా కంపెనీది. వీధిలోంచి వచ్చే తీగ దాంట్లోకి, దాంట్లోంచి బాబాయి ఇంటికి. తీయరాదు అన్న కాగితం ఒకప్పుడు ఉండేదట, ఇస్త్రీ ఆవిరికి ఊడిపోయింది. వ్యాను వచ్చినప్పుడల్లా లైను బాగుండటం ఎందుకో నాలుగుసార్లు వచ్చిన మనిషికి అప్పుడు అర్థమైంది. పాపం, మెట్ల మీద కూర్చుండిపోయాడు. దర్జీ అతనికి మంచినీళ్ళు ఇచ్చాడు.

మర్నాడు కంపెనీ కాగితం వచ్చింది, లోపం దొరికింది, సరిచేశాం అని. కానీ సరిచెయ్యడం ఇంకా అవలేదు. దర్జీకి వేరే ప్లగ్గు బిగించే మనిషి వారం తరవాత వస్తాడు. పర్యవేక్షకురాలి కాల్ మాత్రం ఎల్లుండి పదిన్నరకి. దర్జీ ఆ గంట పెట్టె ముట్టనని ఒట్టు వేశాడు. బాబాయి ఒట్టు మీద ఆధారపడే మనిషి కాదు. పదింటికే స్టూలు పట్టుకుని మెట్లకింద కూర్చుని, ఆ ప్లగ్గు మీద అరచెయ్యి పెట్టాడు.

నేను సెలవు పెట్టి పైన గది బయట కూర్చున్నాను. ఆ రోజు రోగి ఒక ముసలాయన. వినపడదు, చదువు రాదు, మర్నాడు గుండెకి ఆపరేషను. తలుపు సందులోంచి పిన్ని చేతులు కనిపిస్తున్నాయి. ముసలాయన ఒకే ప్రశ్న ఏడుసార్లు అడిగాడు, పిన్ని ఏడుసార్లు డాక్టరుకి చెప్పింది, ఏడుసార్లు జవాబు తెచ్చింది. పదకొండూ ఏడుకి కూడా ఆమె మంచినీళ్ళు తాగలేదు. అర నిమిషం తెర కాస్త మసకబారిందట, అంతే. పదకొండున్నరకి కాల్ అయింది. పర్యవేక్షకురాలు మూడు మాటలు చెప్పి పెట్టేసింది.

పిన్ని మెట్లు దిగి వచ్చింది. నేను వెనకే. బాబాయి గంటన్నర నుంచీ కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కి తెల్లబడింది.

"ఉంచారండీ" అంది పిన్ని. "పేరు ఉంచారు."

ఆయన తలెత్తి చూశాడు. తరవాత, అన్నీ కొలత ప్రకారం చేసే మా బాబాయి, ప్లగ్గు మీద చెయ్యి అలాగే ఉంచి, భుజాలు కుదిపేస్తూ ఏడ్చేశాడు. గుడ్లప్పగించి చూస్తున్న దర్జీ ఆయనకి కరెంటు షాకు కొట్టిందనుకున్నాడు. ఒక్క గెంతు గెంతి మెట్లకింద బోర్డు మెయిన్ లాగేశాడు.

డబ్బా లైట్లన్నీ ఆరిపోయాయి. తిరిగి వెలిగేసరికి పావుగంట పట్టింది, ఎందుకంటే షాకు కొట్టలేదని దర్జీని నమ్మించడానికే పది నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి బాబాయి రిజిస్టరు తెరిచాడట. ఇరవై ఎనిమిది రోజులూ అయిపోయాయి, ఇక ఎవరూ అడగరు, అయినా కొత్త పేజీకి గళ్ళు గీశాడు. పిన్ని ఆ పేజీ ఫోటో తీసి నాకూ అమ్మకీ పంపింది. పదకొండూ ముప్పై ఏడు గడిలో సగటు లేదు. గుండ్రంగా, అచ్చు వేసినట్టు సున్నా ఉంది, పక్కన సంతకం ఉంది.

కారణం: నేను ఏడ్చాను.